ముక్కూమొహం తెలియని సీనియర్‌కు మూడు వాక్యాలు

*ఉద్యోగం అడిగితే మౌనం, సరైన ప్రశ్న అడిగితే జవాబు. నంద్యాల, ఆళ్లగడ్డ పిల్లల ఫోన్లలో రోజూ కనిపిస్తున్న తేడా ఇది.*

సాయంత్రం ఐదు దాటింది. నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు కోసం ఇంజినీరింగ్ పిల్లలు గుంపుగా నిలబడ్డారు. భుజాన బ్యాగులు, మెడలో ఐడీ కార్డులు, చేతిలో ఫోన్లు. ఒకమ్మాయి లింక్డిన్‌లో తన కాలేజీలోనే చదివి ఇప్పుడు బెంగళూరులో పనిచేస్తున్న సీనియర్ పేరు వెతికి పట్టుకుంది. గబగబా టైపు చేసింది: ‘గౌరవనీయులైన సర్, నేను ఈసీఈ ఫైనలియర్. మీ కంపెనీలో ఫ్రెషర్లకు ఖాళీలుంటే దయచేసి రిఫర్ చేయండి. రెజ్యూమె జతచేశాను. మీ మేలు జీవితాంతం మర్చిపోను.’ బస్సొచ్చింది. సీటు దొరికాక మళ్లీ చూసుకుంది. సీనియర్ మెసేజ్ చదివినట్టు గుర్తు కనిపిస్తోంది. ఆళ్లగడ్డలో దిగేదాకా చూసినా జవాబు లేదు. మర్నాడూ రాలేదు. ఇదే మెసేజ్‌ను, పేరు మాత్రం మార్చి, ఆ బస్టాండు నుంచే ఇంకెంతోమంది పంపి ఉంటారు.

ఇప్పుడే ఎందుకీ ఆరాటం

నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది గానీ చదువుల ఊరుగా దానికి అంతకుముందే పేరుంది. 1995లో మొదలైన రాజీవ్ గాంధీ మెమోరియల్ ఇంజినీరింగ్ కాలేజీ నుంచి మొదటి బ్యాచ్ బయటికొచ్చి పాతికేళ్లు దాటింది. తర్వాత మరికొన్ని కాలేజీలు తోడయ్యాయి. చాలాకాలం పాటు ఆ పిల్లల దారి తేటగానే ఉండేది. పెద్ద ఐటీ కంపెనీలు క్యాంపస్‌కు వచ్చేవి, ఒకేసారి పదులమందిని తీసుకెళ్లేవి. ఆ దారి ఇరుకైంది. 2024 మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్‌లో ఉద్యోగుల సంఖ్య 13 వేలకు పైగా తగ్గింది, ఇన్ఫోసిస్‌లో దాదాపు 26 వేలు తగ్గింది. ఉన్నవాళ్లే తగ్గుతున్న చోట కొత్తవాళ్లను గంపగుత్తగా తీసుకోవడం కుదరదు. దాంతో ఎవరి దారి వాళ్లు వెతుక్కోవాల్సి వచ్చింది. మామయ్యో బాబాయో ఆ రంగంలో ఉన్న పిల్లలు ఒక ఫోన్‌కాల్‌తో సంగతులు తెలుసుకుంటారు. మిర్చి, శనగ పండించుకునే ఇంట్లో మొదటిసారి డిగ్రీ చేతికొచ్చిన పిల్లలకు ఆ ఫోన్‌కాల్ లేదు. ఎన్నడూ చూడని సీనియర్‌కు రాసే నాలుగు ముక్కలే వాళ్లకు దాని బదులు. అందుకే ఆ ముక్కలు ఎలా రాయాలన్నది మర్యాదల ముచ్చట కాదు, బతుకుతెరువుకు సంబంధించిన విషయం.

తెలియనివాళ్లతో పరిచయం నిజంగా పనికొస్తుందా అనే అనుమానానికి గట్టి ఆధారమే ఉంది. 2015 నుంచి 2019 దాకా లింక్డిన్‌లో 2 కోట్ల మంది మీద జరిగిన ప్రయోగాల ఫలితాలు 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. కొత్త ఉద్యోగానికి మారడంలో ఎక్కువ సాయపడింది ప్రాణస్నేహితులూ కాదు, బొత్తిగా సంబంధం లేనివాళ్లూ కాదు. ఉమ్మడిగా కొద్దిమంది మాత్రమే తెలిసిన, ఓ మోస్తరు దూరపు పరిచయస్తులు. ఒకే కాలేజీలో ఆరేళ్ల తేడాతో చదివినవాళ్లు సరిగ్గా ఆ దూరంలో ఉంటారు. మన స్నేహితులకు తెలిసింది మనకూ తెలుసు. మనకు తెలియనిది తెలిసినవాళ్లు ఆ కాస్త దూరంలోనే దొరుకుతారు.

మౌనం వెనక ఏముంది

జవాబివ్వని సీనియర్‌ను పొగరుబోతు అనుకోవడం తేలిక. అసలు కారణం చాలాసార్లు వేరే ఉంటుంది. మెసేజ్ అందుకున్న మనిషి వైపు నుంచి చూడాలి. రిఫర్ చేయమంటే ఏం చేయాలి? చాలా కంపెనీల్లో ముందు ఫలానా ఖాళీ నంబరు ఉండాలి. తర్వాత ఆ పిల్ల పేరును తన పేరుతో కలిపి కంపెనీ వ్యవస్థలో ఎక్కించాలి. ఆ పిల్ల ఎలా పనిచేస్తుందో తనకు తెలియదు. రేపు మేనేజర్ ‘నీకెలా తెలుసు?’ అంటే చెప్పడానికి ఏమీ లేదు. చేయలేనని రాస్తే ఊరి పిల్లను చిన్నబుచ్చినట్టవుతుంది, చేస్తానంటే అబద్ధమవుతుంది. అందుకని తర్వాత చూద్దాంలే అని పక్కన పెడతాడు. ఆ తర్వాత ఎప్పటికీ రాదు. ఆ మెసేజ్‌కు అవునని చెప్పడమూ కష్టమే, కాదని చెప్పడమూ కష్టమే. అడిగిన తీరే అలాంటిది.

రెండో కారణం నమ్మకం. రోఘనిజాద్, బోన్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2017లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఒకే అభ్యర్థనను ఒకే మాటలతో కొందరు ఎదురుపడి అడిగారు, కొందరు ఈమెయిల్‌లో అడిగారు, అదీ తెలియనివాళ్లను. ఎదురుపడి అడగడం 34 రెట్లు ఎక్కువ ఫలించింది. ఈమెయిల్ పంపినవాళ్లు మాత్రం తమకూ అన్ని ‘సరే’లు వస్తాయనే ముందు లెక్కేసుకున్నారు. తేడా ఎక్కడొచ్చిందంటే, అందుకున్నవాళ్లకు ఆ మెయిల్ నమ్మదగ్గదిగా కనిపించలేదు. ఎవరు పంపారో, అందులోని లింకు నొక్కితే ఏమవుతుందోనన్న శంక. రాసేవాడికి తానెవరో, తన ఉద్దేశం ఏమిటో తెలుసు కాబట్టి ఆ శంక తట్టదు. రాతలో అడిగేవాళ్లు మోయాల్సిన మొదటి బరువు ఇదే.

ఈ రెండు కారణాలూ కలిపి చూస్తే నేను చెప్పదలచింది తేలుతుంది. జవాబొచ్చే మెసేజ్‌కు రహస్యం పొగడ్తలో లేదు, ఇంగ్లిషు సొగసులో లేదు. రాసింది నిజమైన మనిషేనని పది సెకన్లలో తేలాలి. అడిగిన ప్రశ్నకు ఆఫీసు క్యాబ్‌లో కూర్చుని రెండు నిమిషాల్లో జవాబివ్వగలగాలి. ఆ ప్రశ్న ఆ మనిషినే ఎందుకడిగారో అందులోనే కనిపించాలి. ఈ మూడో సంగతే అన్నిటికంటే కష్టం. ఎక్కువమంది తప్పేదీ అక్కడే.

ఒక మెసేజ్‌ను మార్చి రాస్తే

బస్టాండులో చూసిన అమ్మాయిలాంటి విద్యార్థినినే తీసుకుందాం. చిప్‌ల డిజైన్ సరిగ్గా పనిచేస్తోందో లేదో పరీక్షించే వెరిఫికేషన్ పని మీద ఆమెకు ఆసక్తి. సిస్టమ్ వెరిలాగ్ నేర్చుకుంది, యూఏఆర్‌టీ అనే చిన్న డిజైన్‌కు సొంతంగా పరీక్షలు రాసి కంప్యూటర్‌లో నడిపింది. ఈ పనిలో వాడే యూవీఎం పద్ధతి మాత్రం ఇంకా నేర్చుకోలేదు. బెంగళూరులో లక్షల ఫీజు కట్టి కోర్సు చేయాలా, ఉన్న ప్రాజెక్టుతోనే ఇంటర్వ్యూలకు వెళ్లొచ్చా అన్నది ఆమెకున్న అసలు సందేహం. ఎవరిని అడగాలి? లింక్డిన్‌లో కాలేజీ పేజీ తెరిస్తే పూర్వ విద్యార్థుల విభాగం ఉంటుంది. ఎక్కడ ఉంటున్నారు, ఎక్కడ పనిచేస్తున్నారు, ఏం పని చేస్తున్నారు అని జల్లెడ పట్టే సదుపాయం అందులోనే ఉంది. ‘బెంగళూరు’ అని ఒకటి, ‘వెరిఫికేషన్’ అని ఒకటి పెడితే జాబితా చిన్నదవుతుంది.

ఆ జాబితాలో అందరికంటే పెద్ద హోదా ఉన్న మనిషిని ఎంచుకోవడం సహజంగా జరిగే పొరపాటు. 1999లో బయటికొచ్చిన డైరెక్టర్‌కు ఇవాళ్టి ఫ్రెషర్ ఇంటర్వ్యూలో ఏం అడుగుతున్నారో తెలియకపోవచ్చు. మూడు నుంచి ఆరేళ్లు ముందున్న సీనియర్‌కు ఆ ఇంటర్వ్యూ గది ఇంకా కళ్లముందే ఉంటుంది. మొన్నమొన్నటిదాకా తానూ ఇలాగే వెతుక్కున్నానన్న జ్ఞాపకమూ ఉంటుంది. అలాంటి ఒకతని ప్రొఫైల్‌లో ఇలా కనిపించిందనుకుందాం: మొదటి రెండేళ్లు సర్వీస్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఆ తర్వాత చిప్ వెరిఫికేషన్. ఆమెకు కావలసిన ప్రశ్న ఆ మలుపులోనే దొరుకుతుంది.

ముందు పరిచయానికి పంపే చిన్న నోటు: ‘నమస్తే సర్. మీరు చదివిన కాలేజీలోనే ఈసీఈ చివరి సంవత్సరం చదువుతున్నాను. వెరిఫికేషన్ వైపు రావాలని యూఏఆర్‌టీ ప్రాజెక్టు చేశాను. మీరు టెస్టింగ్ నుంచి ఇటు మారడం గురించి ఒక్క ప్రశ్న అడగొచ్చా?’ అంతే. అతను ఒప్పుకున్నాక అసలు మెసేజ్: ‘ధన్యవాదాలు సర్. మాది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. సిస్టమ్ వెరిలాగ్‌తో టెస్ట్‌బెంచ్ రాశాను, యూవీఎం ఇంకా మొదలుపెట్టలేదు. మీరు మారినప్పుడు మొదటి ఇంటర్వ్యూలో యూవీఎం అడిగారా, లేక సొంత ప్రాజెక్టును లోతుగా వివరించగలిగితే సరిపోయిందా? దాన్నిబట్టి వచ్చే రెండు నెలలు దేనిమీద పెట్టాలో తేల్చుకుంటాను. ఒక్క వాక్యంలో చెప్పినా చాలు. వీలుకాకపోతే ఇబ్బంది లేదు.’ మనవాళ్లు ఇలాంటివి ఇంగ్లిషులోనే రాస్తారు, రాయొచ్చు. పుస్తకాల ఇంగ్లిషు అవసరం లేదు, ఇదే పొట్టి వాక్యాల తీరు చాలు.

ఇందులో ఏముందో చూడండి. ఇద్దరిదీ ఒకే కాలేజీ అన్న మాట, ఊరు, చేసిన పని నమ్మకానికి. అతని ప్రొఫైల్‌లోని మలుపు ప్రస్తావన, ఇది పదిమందికి పంపిన మెసేజ్ కాదని చెప్పడానికి. ఇదా అదా అన్న ప్రశ్న జవాబు తేలిక చేయడానికి. ‘ఈ రంగంలో భవిష్యత్తు ఎలా ఉంది సర్?’ అని అడిగితే అతను వ్యాసం రాయాలి. ‘యూవీఎం అడిగారా?’ అంటే ‘అడిగారు, కానీ బేసిక్స్ చాలు’ అని బొటనవేలితో టైపు చేస్తాడు. అలా మొదలైన జవాబు చాలాసార్లు అక్కడ ఆగదు. తనకు బాగా తెలిసిన విషయం అడిగితే మనిషి ఇంకో రెండు ముక్కలు కలుపుతాడు. బ్రూక్స్, గినో, ష్వైట్జర్ 2015లో ప్రచురించిన పరిశోధన దీనికి ఊతమిస్తుంది. సలహా అడిగితే చేతకానివాడనుకుంటారని జనం భయపడతారు గానీ, కష్టమైన విషయంలో అడిగితే ఎదుటివాళ్లు వాళ్లను మరింత సమర్థులుగానే లెక్కగట్టారు. అయితే అడిగినది సలహా ఇచ్చేవాళ్లకు తెలిసిన విషయమై ఉండాలి. సంబంధం లేనిది అడిగితే ఆ లాభం లేదు.

రెజ్యూమె, లింకు మొదటి మెసేజ్‌లో పెట్టకపోవడం కావాలనే. తెలియని మనిషి పంపిన ఫైలు తెరవడానికి ఎవరైనా జంకుతారు. జతచేసిన రెజ్యూమె ‘ఇది సలహా కాదు, ఉద్యోగం కోసమే’ అని కూడా చెప్పేస్తుంది. ప్రాజెక్టు లింకు ఉండాల్సిన చోటు సొంత ప్రొఫైల్. మెసేజ్ చదివిన సీనియర్ ముందు నొక్కేది పంపినవాళ్ల పేరునే. అక్కడ ఫోటో, కాలేజీ, చేసిన పని గురించి నాలుగు వాక్యాలు లేకపోతే ఎంత చక్కటి మెసేజైనా గాలిలో పోతుంది.

〔 బాక్స్: ఎంత పొట్టిగా? 〕
*లింక్డిన్ ఉచిత ఖాతాలో పరిచయ నోటుకు 200 అక్షరాలే పరిమితి. అలాంటి నోట్లు నెలకు కొన్ని మాత్రమే పంపనిస్తుంది కాబట్టి ఎవరికి పంపాలో ముందే ఎంచుకోవాలి. ఈమెయిల్ విషయంలో, బూమరాంగ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ 2016లో 4 కోట్ల మెయిళ్లను పరిశీలించి, 50 నుంచి 125 ఇంగ్లిషు పదాల మధ్య ఉన్నవాటికి ఎక్కువ జవాబులు వచ్చాయని చెప్పింది. ఫోన్ తెరమీద వేలితో పైకి జరపకుండా మొత్తం కనిపిస్తే సరైన కొలత.*

‘మనోళ్లే’ అన్న మాట వద్దు

ఇక్కడొక అభ్యంతరం వస్తుంది. ఇవన్నీ విదేశీ పరిశోధనలు, మన దగ్గర పని జరిగేది కులం, ఇంటిపేరు, ఊరి పెద్దల మాట మీదనే కదా అని. ఈ అభ్యంతరాన్ని తోసిపుచ్చలేం. అమెరికాలోనూ పేరుకు ప్రభావం ఉంది. మిల్క్‌మన్, అకినోలా, చుగ్ కలిసి 259 విశ్వవిద్యాలయాల్లోని 6,500 మందికి పైగా ప్రొఫెసర్లకు విద్యార్థుల్లా మెయిళ్లు పంపారు. పరిశోధన గురించి మాట్లాడటానికి పది నిమిషాలు అడుగుతూ ఒకే రకంగా రాశారు, పేర్లు మాత్రం మార్చారు. దాదాపు మూడింట రెండొంతుల మంది జవాబిచ్చారు, ఇది ధైర్యమిచ్చే సంగతే. కానీ శ్వేతజాతి మగ పేర్లకు వచ్చినన్ని జవాబులు ఆడవాళ్ల పేర్లకు, భారతీయ, చైనా, నల్లజాతి పేర్లకు రాలేదు. కాబట్టి మౌనం వచ్చిన ప్రతిసారీ తప్పు రాసినవాళ్లదేనని అనడం అన్యాయం.

అయినా ఇంటిపేరు చూపించి దగ్గరవ్వాలనుకోవడం తప్పుదారే. అది పనిచేసే చోట తలుపు సన్నగా తెరుచుకుంటుంది, పక్కవాళ్లకు మూసుకుంటుంది. చదివిన కాలేజీ, తిరిగిన ఊరు అందరికీ సమానంగా చెందిన చుట్టరికం. నంద్యాల పేరు చూస్తే బెంగళూరులో ఉన్న సీనియర్‌కు మనసు కదులుతుంది, ఆ కదలిక కులం అడగదు. పిలుపు విషయంలోనూ ఇంతే. ఎదురుపడితే ‘అన్నా’ అని నోటికొచ్చేస్తుంది మన సీమలో. రాతలో, మొదటిసారి, సర్, మేడమ్ అనో పేరు చివర గారు చేర్చో రాయడం మేలు. జవాబులో ఆయనే ‘అన్నా అను పర్లేదు’ అంటే అప్పుడు అనొచ్చు.

అమ్మాయిల ఇళ్లలో మరో భయం ఉంటుంది, అది న్యాయమైన భయమే. తెలియని మగవాడికి రాయడం దేనికి దారితీస్తుందోనని. దానికి పరిష్కారం రాయకుండా ఉండటం కాదు. మొదట పూర్వ విద్యార్థినులను వెతకొచ్చు. లింక్డిన్‌లోనో కాలేజీ ఇచ్చిన ఈమెయిల్‌లోనో రాసి, ఫోన్ నంబరు ఇవ్వకుండా మాట రాతలోనే ఉంచొచ్చు. ‘వాట్సాప్ నంబర్ ఇవ్వు, రాత్రి మాట్లాడదాం’ అన్న జవాబొస్తే ‘ఇక్కడే చెప్పండి సర్’ అని ఒక్కసారి రాయాలి. మళ్లీ అదే మాటైతే బ్లాక్ చేయాలి. ప్రశ్న చిన్నదైతే ఇక్కడా లాభమే: రెండు వాక్యాల జవాబుకు ఫోన్ అక్కర్లేదని ఇద్దరికీ తెలుస్తుంది.

ఆళ్లగడ్డ ఉలికి దారి వేరు

ఈ పద్ధతి అన్ని వృత్తులకూ ఒకేలా సరిపోదు. పైన చెప్పిన ‘సైన్స్’ పరిశోధనలోనే ఒక మెలిక ఉంది. దూరపు పరిచయాలు ఎక్కువ పనికొచ్చింది కంప్యూటర్ల మీద బాగా ఆధారపడ్డ రంగాల్లో. అలా ఆధారపడని రంగాల్లో దగ్గరి పరిచయాలే మేలు చేశాయి. ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు ఉంది, అక్కడి కార్ఖానాల్లో చెక్కిన విగ్రహాలు దూరప్రాంతాల గుళ్లకు వెళతాయి. అలాంటి కార్ఖానాలో పెరిగిన కుర్రాడు తిరుపతిలో టీటీడీ నడిపే సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థలో చేరాలా, హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూలో శిల్పకళ డిగ్రీ చేయాలా అని ఊగుతున్నాడనుకోండి. అతను వెతికే మనుషులు లింక్డిన్‌లో అంతగా దొరకరు. దొరికినా, తండ్రికి పని నేర్పిన మేస్త్రీ మాట మీద వెళితే తెరుచుకునే తలుపు మెసేజ్‌తో తెరుచుకోదు. రాయాల్సి వస్తే, ‘ఫలానా మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నాను’ అన్నది మొదటి వాక్యం కావాలి. ఇంజినీరింగ్ వాళ్లకు వద్దన్న జతపరుపు ఇక్కడ కావాలి, తాను స్వయంగా చెక్కిన ఒకే ఒక్క విగ్రహం ఫోటో. పది ఫోటోలు పంపితే ఏది బాగుందో చూసేవాళ్లు తేల్చుకోవాలి. ఒక్కటి పంపి ‘ఈ వేళ్ల దగ్గర నునుపు రావడం లేదు, ఇది శిక్షణలో నేర్పుతారా, చేతి అలవాటు మీద వస్తుందా?’ అని అడిగితే, పని తెలిసినవాడు సమాధానం చెప్పకుండా ఉండలేడు.

వ్యవసాయ విద్యార్థులకు ఇంకో వెసులుబాటు ఉంది. నంద్యాలలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం 1906 నాటిది, మహానందిలో వ్యవసాయ కళాశాల ఉంది. పరిశోధన వ్యాసాల్లో రచయిత ఈమెయిల్ అచ్చు వేస్తారు. ఒక వ్యాసం చదివి, అందులోని ఒక పట్టిక గురించి అడిగిన మెయిల్‌కు ఆ శాస్త్రవేత్త దగ్గర ఉండే గౌరవం, ‘గైడెన్స్ కావాలి మేడమ్’ అన్నదానికి ఉండదు. పైగా ఊళ్లోనే ఉన్నారు కాబట్టి మెయిల్ పంపాక అనుమతి తీసుకుని వెళ్లి కలవొచ్చు. ఎదురుపడి అడగడం రాతకంటే ఎన్నో రెట్లు బలమైనదని ఆ 34 రెట్ల ప్రయోగం చెప్పనే చెప్పింది. సంక్రాంతికి బెంగళూరు, హైదరాబాద్ నుంచి సీనియర్లు సొంతూళ్లకు వస్తారు. డిసెంబరులో రాసిన మెసేజ్‌కు జనవరిలో పది నిమిషాల కలయిక దొరకొచ్చు.

జవాబు రాకపోతే, వస్తే

మౌనంలోనూ తేడాలున్నాయి, వాటిని చదవొచ్చు. పరిచయపు నోటునే ఒప్పుకోకపోతే అనుమానించాల్సింది ప్రొఫైల్‌ను, లేదా ఆ మనిషి లింక్డిన్ తెరిచి ఎన్నాళ్లయిందో. ఒప్పుకుని, ప్రశ్న చదివి ఆగిపోతే ప్రశ్న పెద్దదయింది. ‘రెజ్యూమె పంపు చూద్దాం’ అని మాత్రమే వస్తే, సలహా అడిగినట్టు కాక ఉద్యోగం అడిగినట్టు వినిపించింది. వారం పదిరోజులకు ఒక్కసారి గుర్తుచేయడం మర్యాదే. ‘సర్, చూశారా?’ అని కాకుండా, ఈలోగా చేసిన పని ఒక వాక్యం చేర్చి, ప్రశ్నను ఇంకా చిన్నది చేసి పంపాలి. రెండోసారీ మౌనమైతే అక్కడితో వదిలి, జాబితాలో తర్వాతి పేరుకు వెళ్లాలి.

అడగడానికే వెనకాడేవాళ్లకు ఫ్లిన్, లేక్ 2008లో ప్రచురించిన ప్రయోగం ఒకటి చెప్పాలి. ఐదుగురి చేత ప్రశ్నపత్రం నింపించడానికి దాదాపు 20 మందిని అడగాల్సి వస్తుందని జనం అంచనా వేశారు. నిజానికి 10 మంది సరిపోయారు. అది ఎదురుపడి అడిగిన ప్రయోగమని గుర్తుంచుకోవాలి, రాతలో అంత దయ ఆశించలేం. అయినా కాదనడం ఎదుటివాళ్లకూ తేలిక కాదన్నది అందులో తేలిన విషయం.

జవాబొచ్చాక చాలామంది చేసే పని ‘థాంక్యూ సర్’ అని పెట్టి మాయమవడం, లేదా వెంటనే ‘అయితే రిఫర్ చేస్తారా?’ అనడం. రెండూ నష్టమే. సలహా అడిగి, రాగానే ఉద్యోగం అడిగితే మొదటి ప్రశ్న ఎర అని తేలిపోతుంది. ఆ సీనియర్ మన తర్వాత రాసే జూనియర్‌ను కూడా అనుమానిస్తాడు. ఆ అమ్మాయి చేయాల్సింది ఆ రోజే కృతజ్ఞత చెప్పి, ఆరువారాల తర్వాత ఇలా రాయడం: ‘మీరు చెప్పినట్టు యూవీఎం బేసిక్స్ పూర్తిచేసి అదే ప్రాజెక్టుకు వాడాను. కవరేజ్ దగ్గర ఒక లోపం దొరికింది, సరిచేశాను.’ ఇందులో ప్రశ్న లేదు. కానీ చెప్పిన మాట విన్నదని, పని చేస్తుందని అతనికి ఇప్పుడు తెలుసు. కంపెనీలో ఖాళీ పడ్డ రోజు మేనేజర్ ‘నీకెలా తెలుసు?’ అంటే చెప్పడానికి అతని దగ్గర ఒక సంగతి ఉంది.

చివరగా, ఈ కథనం బెంగళూరులోనో డల్లాస్‌లోనో కూర్చుని చదువుతున్న నంద్యాల, ఆళ్లగడ్డ సీనియర్లకు ఒక మనవి. మీ ఇన్‌బాక్స్‌లో జవాబివ్వని మెసేజ్‌లు ఉంటే ఈ ఆదివారం ఒకసారి తెరవండి. రిఫర్ చేయలేకపోతే చేయలేనని రాయండి. జవాబు తెలియకపోతే తెలిసినవాళ్ల పేరు చెప్పండి. ప్రశ్న సరిగ్గా లేకపోతే, ‘ఇలా కాదు, నీకేం కావాలో ఒక్క వాక్యంలో అడుగు’ అని తిరిగి పంపండి. ఇంట్లో ఆ మాట చెప్పేవాళ్లు లేకనే వాళ్లు మీకు రాశారు.